పంట రుణం తీసుకునే ముందు అడగవలసినవి: వడ్డీ రాయితీ, గడువు తేదీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పంట రుణం కోసం బ్యాంకుకు వెళ్లే రైతు సాధారణంగా రెండే అడుగుతాడు: ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు. ఎప్పటిలోగా కట్టాలన్నది కాగితం మీద ఎక్కడో ఉంటుంది, సంతకం పెట్టే తొందరలో దాన్ని చూసేవారు తక్కువ. పావలా వడ్డీ స్థాయిలో మొదలైన అప్పు రూపాయి వడ్డీకి దగ్గరగా ఎలా వెళ్తుందో ఆ తేదీని చూస్తేనే అర్థమవుతుంది. అందుకే ఈ ప్రశ్నల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే ఉన్నాయి. ఐదెకరాల లోపు భూమి ఉండి, ఏడాది లోపు చేతికొచ్చే పంటలు వేసే రైతును దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి.

పంట రుణానికి వడ్డీ 7 శాతమా, 4 శాతమా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

రెండూ నిజమే. కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకున్న పంట రుణానికి 3 లక్షల రూపాయల వరకు బ్యాంకు వేసే వడ్డీ 7 శాతం. అంత తక్కువకు ఇచ్చినందుకు కేంద్ర ప్రభుత్వం బ్యాంకుకు 1.5 శాతం చెల్లిస్తుంది. ఆ డబ్బు రైతు కంటికి కనబడదు, ఆ లెక్క బ్యాంకుకూ ప్రభుత్వానికీ మధ్యే ఉంటుంది.

రైతుకు నేరుగా అందేది రెండో రాయితీ. గడువులోగా అప్పు తీర్చినవారికి ప్రోత్సాహకంగా 3 శాతం తగ్గిస్తారు. 7లో 3 పోతే 4. ఊళ్లో లెక్కలో చెప్పాలంటే 4 శాతం అంటే నెలకు నూటికి 33 పైసలు. బయట నూటికి రెండు రూపాయలకు తెచ్చే అప్పు ఏడాదికి 24 శాతం. తేడా ఎంతో చూడండి.

గుర్తుంచుకోవలసింది ఒకటే. 7 శాతం మీకు మొదటి రోజు నుంచే ఉంటుంది. 4 శాతం మాత్రం చివరి రోజున మీరు సంపాదించుకునేది. గడువు దాటితే ఆ 3 శాతం కొద్దికొద్దిగా తగ్గదు, మొదటి రోజు నుంచి లెక్కగట్టి మొత్తంగా పోతుంది.

ఈ 3 లక్షల పరిమితిని 5 లక్షలకు పెంచుతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. మీకు అంత అవసరం ఉంటే, ఆ మేరకు బ్రాంచికి ఆదేశాలు అందాయో లేదో ముందే అడగండి. ప్రకటన వేరు, మీ ఖాతాలో అమలు వేరు.

గడువు అంటే ఏడాది కదా? జూలైలో తీసుకుంటే వచ్చే జూలైలోగా కడితే చాలు కదా?

చాలకపోవచ్చు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 3 శాతం ప్రోత్సాహకం రుణం తీసుకున్న తేదీ నుంచి తీర్చిన తేదీ వరకు లెక్క కడతారు, అదీ బ్యాంకు నిర్ణయించిన గడువు తేదీ దాటకుండా తీరిస్తేనే. ఏడాది అనేది గరిష్ఠ హద్దు. బ్యాంకు వేసిన గడువు అంతకంటే ముందుంటే ఆ ముందున్న తేదీయే లెక్క.

కాబట్టి సంతకం పెట్టే ముందు అడగవలసిన ప్రశ్న, “నా పంటకు గడువు తేదీ ఏ రోజు వేశారు?” “సుమారు మార్చి” అంటే ఒప్పుకోకండి. తేదీ, నెల, సంవత్సరం కాగితం మీద చూపించమనండి.

ఒక ఉదాహరణ చూద్దాం. పల్నాడులో రెండెకరాల మిర్చి రైతు ఆగస్టు 5న లక్షా యాభై వేలు తీసుకున్నాడనుకుందాం. మిర్చి కోతలు జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా విడతలుగా సాగుతాయి. ఎండబెట్టి, గ్రేడు చేసి, గుంటూరు యార్డుకు చేర్చి, డబ్బు చేతికొచ్చేసరికి ఏప్రిల్ 20 అయింది. ఆ రోజే బ్యాంకుకు వెళ్లి మొత్తం కట్టేశాడు. అప్పు వాడుకున్నది 258 రోజులు.

గడువు తేదీ జూన్ 30 అయి ఉంటే అతనికి 4 శాతం వడ్డీ పడుతుంది. అంటే సుమారు 4,240 రూపాయలు.

అదే బ్యాంకు అందరికీ వేసినట్టే ఇతనికీ మార్చి 31 గడువు వేసి ఉంటే లెక్క మారిపోతుంది. మార్చి 31 వరకు 238 రోజులకు 7 శాతం చొప్పున 6,847 రూపాయలు. ఆ తరువాతి 20 రోజులకు రాయితీ ఏదీ లేని మామూలు వడ్డీ పడుతుంది. అది 10 శాతం అనుకుంటే 822 రూపాయలు. మొత్తం 7,669.

అదే రైతు, అదే అప్పు, తీర్చింది కూడా అదే రోజు. తేడా 3,400 రూపాయలకు పైనే. అతను చేసిన తప్పేమీ లేదు. కాగితం మీద ఉన్న తేదీకి అతని మిర్చి కల్లంతో సంబంధం లేదు, అంతే.

గడువు తేదీని మార్చమని అడగవచ్చా? బ్యాంకువారు వింటారా?

అడగవచ్చు, అడగాలి కూడా. పంట ఎప్పుడు కోతకు వస్తుంది, ఎప్పుడు అమ్ముడవుతుంది అన్నదాన్ని బట్టి గడువు నిర్ణయించాలన్నది కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనల్లోనే ఉంది. కోత మాత్రమే కాదు, అమ్మకానికి పట్టే సమయం కూడా చూడాలి. కాబట్టి మీరు బతిమాలుకోవలసిన పని లేదు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, బ్రాంచిలో ఖరీఫ్ రుణాలన్నింటికీ కంప్యూటర్‌లో ఒకే తేదీ వేసే అలవాటు ఉంటుంది. నవంబరు, డిసెంబరుల్లో కోసే వరికి సరిపోయే తేదీ మిర్చికి సరిపోదు. తొమ్మిది నెలలు పొలంలో ఉండే పసుపుకు అసలు సరిపోదు. దరఖాస్తులో ఏ పంట రాశారన్నది అందుకే ముఖ్యం. కొందరు ఎక్కువ పరిమితి వస్తుందని ఒక పంట రాయించి, మరొకటి వేస్తారు. అలాచేస్తే గడువూ బీమా రెండూ వేయని పంటకు ముడిపడి ఉంటాయి.

తేదీ మార్చమని అడగడానికి సరైన సమయం రుణం మంజూరయ్యే ముందు. డబ్బు ఖాతాలో పడ్డాక మార్చడం కష్టం, గడువు దాటాక ఇక దాదాపు జరగని పని.

ఏడాది పూర్తయ్యాక పది ఇరవై రోజులు ఆలస్యమైతే నిజంగా అంత నష్టమా?

లక్షా యాభై వేల మీద సరిగ్గా ఏడాదికి 7 శాతం వడ్డీ 10,500. గడువు కూడా ఏడాదే అయి ఉండి ఆ రోజుకు కట్టేస్తే 4,500 తిరిగి వస్తుంది, మీ మీద పడేది 6,000. ఇరవై రోజులు ఆగితే 4,500 రాదు, పైగా ఆ ఇరవై రోజులకు పైన చెప్పిన 10 శాతం చొప్పున 822 అదనం. మొత్తం 11,322. ఇరవై రోజుల ఆలస్యానికి 5,300 రూపాయలు పైబడి చెల్లించినట్టు. ఆ ఇరవై రోజుల కోసం చేబదులు తెచ్చి కట్టినా ఇంతకంటే తక్కువే అవుతుంది.

ఇంకా ఆగితే సమస్య వడ్డీతో ఆగదు. ఏడాది లోపు పంటల విషయంలో గడువు తరువాత రెండు పంట కాలాలు గడిచినా కట్టకపోతే ఖాతాను మొండి బాకీగా నమోదు చేస్తారు. ఆ తరువాత కొత్త రుణం అడిగినా, ట్రాక్టరుకో పిల్లల చదువుకో అప్పు అడిగినా ఆ నమోదు ఎదురొస్తుంది.

కట్టేటప్పుడు బ్యాంకు పూర్తిగా 7 శాతం వసూలు చేసింది. నాకు రావలసిన 3 శాతం ఏమైనట్టు?

చాలా చోట్ల ముందు 7 శాతం కట్టించుకుని, తరువాత 3 శాతం ఖాతాలో జమ చేస్తారు. అందుకే ముందే అడగండి: “కట్టే రోజే తగ్గిస్తారా, తరువాత జమ చేస్తారా? తరువాతైతే ఏ ఖాతాలో?” జమ రుణ ఖాతాలో పడితే చాలామంది గమనించరు.

జమ రాకపోవడానికి సాధారణంగా కనిపించే కారణం ఆధార్. వడ్డీ రాయితీకి ఆధార్ అనుసంధానం తప్పనిసరి. రాయితీ కోసం బ్యాంకులు రైతుల వివరాలను కిసాన్ రుణ్ పోర్టల్‌లో నమోదు చేస్తాయి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాసు పుస్తకంలో వెనుక ఉండి పేర్లు కలవకపోతే ఇబ్బంది వస్తుంది. తండ్రి పేరు మీద భూమి, కొడుకు పేరు మీద ఖాతా ఉన్నచోట అది మరీ ఎక్కువ. రుణం తీసుకునే రోజునే ఈ పేర్లు సరిచూసుకోవడం మేలు.

మొత్తం ఒకేసారి తీసుకోవాలా, అవసరమైనప్పుడు కొంత కొంత తీసుకోవచ్చా?

కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్నదే కొంత కొంతగా తీసుకోవడానికి. ఐదేళ్లకు పరిమితి మంజూరు చేస్తారు, వాడుకున్న మొత్తానికి వాడుకున్నన్ని రోజులకే వడ్డీ. రెండో కోటా ఎరువులకు అక్కరకొచ్చే నలభై వేలు మూడు నెలల ముందే తీసి ఇంట్లో పెట్టుకుంటే 7 శాతం చొప్పున దాదాపు 690 రూపాయలు ఉత్తినే పోతాయి. పెద్ద మొత్తం కాదు, కానీ ఇంట్లో ఉన్న డబ్బు ఎరువులకే మిగులుతుందన్న హామీ కూడా లేదు.

కొన్ని బ్రాంచీలు సౌలభ్యం కోసం మొత్తాన్ని ఒకేసారి పొదుపు ఖాతాలోకి మార్చేస్తాయి. “నా పరిమితిలో నుంచి కార్డుతో విడతలుగా తీసుకునే వీలు ఉందా?” అని అడగండి. ఉంటే, గడువు ఏ విడత నుంచి లెక్కిస్తారో కూడా తెలుసుకోవాలి.

నా భూమికి ఎంత రుణం వస్తుందో ముందే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. ఏ పంటకు ఎకరాకు ఎంత ఇవ్వాలో జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఏటా నిర్ణయిస్తుంది. బ్యాంకుల్లో దీన్ని స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ అంటారు. దాన్ని ఎకరాలతో గుణించి, కోత తరువాతి ఖర్చులకూ ఇంటి అవసరాలకూ 10 శాతం, పనిముట్ల మరమ్మతులకూ నిర్వహణకూ 20 శాతం కలుపుతారు. లెక్క కోసం ఎకరాకు 45,000 అనుకుంటే మూడెకరాల వరికి 1,35,000. దానికి 13,500, 27,000 కలిపితే 1,75,500. బీమా ప్రీమియం ఉంటే దాన్నీ కలుపుతారు. తరువాతి ఏళ్లలో పరిమితి ఏటా 10 శాతం చొప్పున పెరుగుతుంది.

మీకు చెప్పిన మొత్తం దీనికంటే బాగా తక్కువగా ఉంటే కారణం అడగండి. రెండు లక్షల వరకు భూమి తాకట్టు అవసరం లేదు, 2025 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు ఈ హద్దును లక్షా అరవై వేల నుంచి పెంచింది. పంట మాత్రమే హామీగా ఉంటుంది.

రెన్యువల్ కోసం రెండు రోజులకు బయట అప్పు తెచ్చి కట్టి, మళ్లీ తీసుకోమంటున్నారు. అది లాభమేనా?

దీన్ని బుక్ అడ్జస్ట్‌మెంట్ అంటారు, ఊరూరా తెలిసిన సంగతే. పాత బాకీ చెల్లించినట్టు చూపి, అదే రోజో మర్నాడో కొత్త రుణంగా రాస్తారు. చేతిలో డబ్బు లేని రైతు మధ్యవర్తి దగ్గర ఆ మొత్తాన్ని రెండు మూడు రోజులకు తెచ్చి, కొత్త రుణం రాగానే కమిషన్‌తో సహా తిరిగి ఇచ్చేస్తాడు.

లెక్క వేసుకుని నిర్ణయించుకోండి. లక్షా యాభై వేలకు మధ్యవర్తి నూటికి రూపాయి తీసుకుంటే 1,500. గడువులోగా కట్టినందుకు మిగిలేది ఏడాదికి 4,500. అంటే లాభమే, కానీ అందులో మూడో వంతు మధ్యవర్తి చేతికి పోయింది. నూటికి మూడు అడిగితే లాభం మొత్తం అతనిదే. ఇక గడువు దాటాక ఈ పని చేస్తే రాయితీ ఎలాగూ పోయింది, కమిషన్ మాత్రం అదనపు ఖర్చు.

అంతకంటే పెద్ద ముప్పు ఒకటుంది. మధ్యవర్తి డబ్బు తెచ్చి పాత బాకీ కట్టేశాక కొత్త రుణం ఆలస్యమైతే? మేనేజరు బదిలీ అయినా, రికార్డుల్లో చిక్కు వచ్చినా రెండు రోజులు రెండు నెలలవుతాయి. అప్పుడు 7 శాతం అప్పు స్థానంలో 24 శాతం అప్పు వచ్చి కూర్చుంటుంది. కాబట్టి పాత బాకీ కట్టే ముందే కొత్త రుణం కాగితాలన్నీ పూర్తయ్యాయా, ఎవరి సంతకమైనా మిగిలి ఉందా అని అడిగి రూఢి చేసుకోండి. అసలుతో పనిలేకుండా వడ్డీ కట్టి రెన్యువల్ చేసే వీలుందా, అలా చేస్తే 3 శాతం వస్తుందా అన్నది కూడా మీ బ్రాంచిలోనే తేల్చుకోవాలి.

మాఫీ వస్తుందంటున్నారు. కట్టకుండా ఆగితే నష్టమేమిటి?

తెలంగాణలో 2024లో జరిగిన మాఫీనే తీసుకోండి. 2018 డిసెంబరు 12 నుంచి 2023 డిసెంబరు 9 మధ్య తీసుకున్న లేదా రెన్యువల్ చేసిన రుణాలకు, కుటుంబానికి రెండు లక్షల వరకు వర్తింపజేశారు. తేదీలు ప్రభుత్వం నిర్ణయిస్తుంది, కుటుంబం ఎవరన్నదీ ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. బాకీ రెండు లక్షలు దాటినవారు పైమొత్తం ముందు కట్టాల్సి వచ్చింది. వడ్డీ పేరుకుపోతే ఆ హద్దు దాటే ప్రమాదమూ పెరుగుతుంది. పైగా రెన్యువల్ చేసుకున్న రుణం కూడా ఆ మాఫీ కిందకు వచ్చింది కాబట్టి, కట్టకుండా ఆగినందుకు ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. ఎన్నికల సభలో విన్న మాటకు ఖాతాలో లెక్క ఆగదు.

రాష్ట్ర ప్రభుత్వం మిగతా 4 శాతం కూడా కడుతుందా?

కొన్ని ఏళ్లలో కట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో లక్ష వరకు వడ్డీ లేని రుణాలు, ఆ పైన పావలా వడ్డీ నడిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో తరువాత సున్నా వడ్డీ పేరుతో లక్ష వరకు ఇచ్చారు. షరతు ఎప్పుడూ ఒక్కటే: ఏడాది లోపు తీర్చి ఉండాలి. రైతు ముందు బ్యాంకుకు కట్టాలి, ప్రభుత్వం డబ్బు తరువాత వస్తుంది. ఈ ఏడాది అమలులో ఉందా, జాబితాలో పేరు ఎక్కడ చూసుకోవాలన్నది వ్యవసాయ అధికారిని అడగండి. ఆ డబ్బును లెక్కలో పెట్టుకుని మాత్రం అప్పు చేయకండి.

బంగారం పెట్టి తీసుకునే వ్యవసాయ రుణానికి కూడా ఈ రాయితీ ఉంటుందా?

కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతా ద్వారా తీసుకున్న రుణానికే ఉంటుంది. బంగారం మీద గంటలో డబ్బు చేతికొస్తుంది కాబట్టి చాలామంది దానికే మొగ్గు చూపుతారు. బంగారం బ్యాంకు లాకరులో ఉంటుంది, వడ్డీ మాత్రం 4 శాతం కాదు. కౌంటరులో “వ్యవసాయ రుణమే” అన్న మాటతో ఆగకుండా “వడ్డీ రాయితీ వర్తిస్తుందా?” అని అడగండి.

నేను కౌలు రైతును. నాకు పంట రుణం వస్తుందా?

నిబంధనల ప్రకారం కౌలు రైతులూ అర్హులే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద పదకొండు నెలలకు సాగుదారు హక్కు పత్రం ఇస్తారు. అంతకు ముందు 2011 చట్టం కింద రుణ అర్హత కార్డులు ఇచ్చేవారు. ఆచరణలో అడ్డు ఎక్కడంటే, భూ యజమాని సంతకం పెట్టడానికి జంకుతాడు. అదీ గాక, అదే సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే బ్యాంకు మీకు ఇవ్వదు. కౌలు మాట్లాడుకునేటప్పుడే ఈ సంగతి అడిగేయండి. నలుగురైదుగురు కౌలు రైతులు కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపుగా ఏర్పడితే పత్రాల చిక్కు కొంత తగ్గుతుంది, కాకపోతే ఒకరు ఎగ్గొడితే మిగతావారు బాధ్యులు.

రుణం నుంచి పంట బీమా డబ్బు కోసుకున్నారు. అది తప్పనిసరా?

2020 ఖరీఫ్ నుంచి రుణం తీసుకున్న రైతులకు కూడా ప్రధానమంత్రి ఫసల్ బీమా ఐచ్ఛికమే. మీ జిల్లాలో, మీ పంటకు ఆ సీజన్‌లో పథకం అమలులో ఉండి, మీకు వద్దనుకుంటే బీమా నమోదు గడువుకు కనీసం ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. రైతు వాటా ఖరీఫ్ ఆహార పంటలు, నూనెగింజలకు 2 శాతం, రబీకి 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం వరకు. నా అభిప్రాయం అడిగితే వద్దనుకునే ముందు రెండుసార్లు ఆలోచించమంటాను.

జీవిత బీమా సంగతి వేరు. పంట రుణంతో పాటు పాలసీ తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. అలాగే 3 లక్షల లోపు రుణాలకు ప్రాసెసింగ్, తనిఖీ రుసుములు వద్దని 2019లోనే బ్యాంకుల సంఘం సూచించింది. సహకార సంఘంలో తీసుకుంటే వాటా ధనం కింద కొంత మినహాయిస్తారు, అది రుసుము కాదు, మీ పేరు మీదే ఉంటుంది.

గడువు వచ్చేసింది, ధర పడిపోయింది. అమ్మక తప్పదా?

ఒక దారి ఉంది, తెలిసినవారు తక్కువ. నియంత్రణ సంస్థ వద్ద నమోదైన గిడ్డంగిలో సరుకు పెట్టి ఎలక్ట్రానిక్ రసీదు తీసుకుంటే, కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న చిన్న, సన్నకారు రైతులకు ఆ రసీదు మీద ఆరు నెలల వరకు రాయితీ వడ్డీకే రుణం ఇచ్చే వీలుంది. ఆ డబ్బుతో పంట రుణం గడువులోగా తీర్చి, ధర కోసం ఆగవచ్చు. ప్రతి గిడ్డంగికీ, ప్రతి కోల్డ్ స్టోరేజీకీ ఆ నమోదు ఉండదు. మామూలు కోల్డ్ స్టోరేజీ బాండుతో ఈ రాయితీ రాదు. సరుకు దించకముందే “ఎలక్ట్రానిక్ రసీదు ఇస్తారా?” అని అడగాలి.

పంటే పోయిన సందర్భం వేరు. ప్రభుత్వం విపత్తుగా ప్రకటించిన ప్రాంతంలో 33 శాతం లేదా అంతకు మించి నష్టం జరిగితే రుణాన్ని దీర్ఘకాలిక వాయిదాలుగా మార్చే ఏర్పాటు ఉంది. నష్టం నమోదు చేసే సిబ్బంది జాబితాలో మీ సర్వే నంబరు, మీరు వేసిన పంట సరిగా ఎక్కాయో చూసుకోవాలి. మార్చిన రుణానికి మొదటి ఏడాదే రాయితీ ఉంటుంది, రెండో ఏడాది నుంచి మామూలు వడ్డీ.

రాయితీ ఇవ్వలేదు, అడిగితే సమాధానం లేదు. ఎవరిని అడగాలి?

ముందు బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేదనిపిస్తే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. ఫిర్యాదుకు మూడు కాగితాలు జతచేయండి: గడువు తేదీ ఉన్న మంజూరు పత్రం, మొత్తం కట్టిన రోజు రసీదు, రుణ ఖాతా స్టేట్‌మెంటు. గ్రామ సహకార సంఘం మీద ఫిర్యాదైతే జిల్లా సహకార అధికారి దగ్గరకు వెళ్లాలి.